8 శాతం కట్టి 7 శాతం ఎఫ్‌డీ కాపాడుకోవడం తెలివైన పనేనా? లోనా, బ్రేకా?

ఎన్‌ఏడీ_వంశీ
అందరికీ నమస్తే. 2024 జనవరిలో 6 లక్షలు ఎఫ్‌డీ వేశాను, మూడేళ్లకి, 7 శాతం, వడ్డీ అందులోనే కలిసిపోయే రకం. రెండేళ్లు నిండాయి, ఇంకో ఏడాది ఉంది. ఇప్పుడు పాప కాలేజీ ఫీజు, హాస్టలు, ఇంకో పాత బాకీ కలిపి 4 లక్షలు అర్జెంటుగా కావాలి. చీటీ పాడాను, ఆ డబ్బు నాలుగు నెలల్లో చేతికొస్తుంది (రావాలి). బ్యాంకుకెళ్తే కౌంటర్లో అమ్మాయి ‘ఎఫ్‌డీ తీయకండి సార్, దాని మీద ఓడీ, అంటే ఓవర్‌డ్రాఫ్ట్ ఇస్తాం, మీ ఎఫ్‌డీ రేటు మీద 1 శాతం ఎక్కువ, అంతే’ అంది. అంటే నా డబ్బు వాళ్ల దగ్గర 7కి ఉంది, అదే డబ్బు నాకు 8కి అప్పిస్తారు. ఇంట్లో చెబితే మా ఆవిడ నవ్వింది. నాకూ అర్థం కాలేదు, దీనికంటే ఎఫ్‌డీ తీసేసి పని చూసుకోవడం మంచిది కదా? నేను పాత పన్ను విధానంలోనే ఉన్నాను, 30 శాతం స్లాబు, అది ఏమైనా తేడా తెస్తుందా తెలీదు.

మాదాపూర్_బ్రో
ఇందులో ఆలోచించడానికి ఏముంది బ్రో. 8 కట్టి 7 తీసుకునేవాడు ఎవడైనా ఉంటాడా. బ్రేక్ చెయ్, ఫీజు కట్టు, చీటీ వచ్చాక మళ్లీ ఎఫ్‌డీ వేసుకో. బ్యాంకు వాళ్లకి లోన్ టార్గెట్లు ఉంటాయి, అందుకే ఆ మాట.

సత్య_తెనాలి
బ్రో చెప్పింది తప్పు. తేడా 1 శాతమే కదా, 4 లక్షల మీద ఏడాదికి 4 వేలు, నాలుగు నెలలకి 1,300 చిల్లర. బ్రేక్ చేస్తే పెనాల్టీయే అంతకంటే ఎక్కువ పోతుంది. కళ్లు మూసుకుని లోన్ తీసుకోండి. ఇంకో మాట, కట్టిన లోన్ వడ్డీని ఎఫ్‌డీ వడ్డీలోంచి తీసేసి మిగిలిన దానికే పన్ను కట్టొచ్చు, ఐటీ రిటర్న్‌లో చూపించండి.

గోల్డ్‌లోన్_గిరి
అన్నా 8 శాతం ఎక్కువ అనుకుంటే బంగారం పెట్టు. సహకార బ్యాంకుల్లో తొందరగా అయిపోతుంది, గ్రాముకి మంచి రేటే ఇస్తున్నారు.

ఎన్‌ఏడీ_వంశీ
గిరి గారూ, బంగారం ప్రశ్న కాదండీ ఇది. ఎఫ్‌డీ ఉంచాలా తీయాలా అన్నది.

మూర్తి_రాజమండ్రి
వంశీ గారూ, నేను ఒక ప్రభుత్వ బ్యాంకులో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాను, చివరి కొన్నేళ్లు డిపాజిట్ల సీట్లోనే. రెండు పక్షాలూ సగం సగం మాట్లాడుతున్నాయి, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు బ్రేక్ చేస్తే ఏం పోతుందో. చాలామంది పెనాల్టీ 1 శాతం అంటే అసలు మీద 1 శాతం ఒకసారి కోస్తారనుకుంటారు, 6 లక్షల మీద 6 వేలు అని. అలా కాదు. మీరు ఎఫ్‌డీ వేసిన రోజు బ్యాంకు రేట్ల పట్టికలో రెండేళ్ల డిపాజిట్‌కి ఎంత ఉందో చూస్తారు, ఎందుకంటే మీ డబ్బు నిజంగా ఉన్నది రెండేళ్లే. అది, మీకిచ్చిన 7, రెండింట్లో ఏది తక్కువైతే అది తీసుకుంటారు. దాంట్లోంచి పెనాల్టీ తీస్తారు. చాలా ప్రభుత్వ బ్యాంకుల్లో 5 లక్షల లోపు డిపాజిట్‌కి అర శాతం, పైబడితే 1 శాతం ఉంటుంది, మీది 6 లక్షలు కాబట్టి 1 శాతమే అనుకుందాం. ఆ తగ్గిన రేటు మొదటి రోజు నుంచీ వర్తిస్తుంది. అంటే ఇప్పటికి రెండేళ్లుగా మీరు సంపాదించుకున్న వడ్డీని వెనక్కి తిరగరాస్తారు.

ఉదాహరణకి ఆ రోజు రెండేళ్లకి 6.75 ఉందనుకోండి. పెనాల్టీ పోతే 5.75. మూడు నెలలకోసారి కలిపే లెక్కన 7 శాతంతో మీ 6 లక్షలు ఇవాళ్టికి 6,89,329 అయి ఉండాలి. 5.75తో 6,72,573. తేడా 16,756 రూపాయలు. మీకు కావలసింది 4 లక్షలే అయినా కోత పడేది 6 లక్షల మీద, రెండేళ్ల మీద.

లోన్ వైపు చూస్తే కోత వెనక్కి పోదు, ముందుకే నడుస్తుంది. వాడిన 4 లక్షల మీద, వాడినన్ని రోజులే. నెలకి లోన్ వడ్డీ 2,667, అదే 4 లక్షల భాగం మీద ఎఫ్‌డీ మీకు 2,333 ఇస్తూనే ఉంటుంది. నికరంగా నెలకి 333. ఇంతవరకు సత్య గారిదే కరెక్టు. కానీ ఆయన చివర్లో చెప్పిన పన్ను మాట దగ్గర బండి పల్టీ కొట్టింది, దాని గురించి రాత్రికి రాస్తాను, కరెంటు పోయేలా ఉంది.

మాదాపూర్_బ్రో
16 వేలా?? నేను 6 వేలే అనుకున్నా. సరే సార్ మీరు రాయండి, చదువుతా.

పద్మజ_హన్మకొండ
మూర్తి గారు వచ్చేలోపు నా అనుభవం చెప్తాను. మా అమ్మ పేరు మీద ఎఫ్‌డీ ఉంటే నేను లోన్‌కి వెళ్లాను, బాండు తీసుకుని. అక్కడ రెండు విషయాలు తెలిశాయి. ఒకటి, బాండు ఆమె పేరు మీద ఉంటే అప్పు కూడా ఆమె పేరు మీదే ఉండాలి, లేదా ఆమె వచ్చి వేరొకరి కోసం తాకట్టు పెడుతున్నట్టు సంతకం పెట్టాలి, అలా పెడితే రేటు ఇంకాస్త ఎక్కువన్నారు. రెండోది అసలు పనే కాకుండా చేసింది. ఆ బాండు మీద చిన్న అక్షరాల్లో టాక్స్ సేవింగ్ అని ఉంది. ఐదేళ్ల పన్ను ఆదా ఎఫ్‌డీ అయితే మధ్యలో తీయడానికీ లేదు, లోన్‌కీ లేదు. అమ్మకి కూడా గుర్తులేదు అది ఎప్పుడు వేశారో. వంశీ గారూ మీది మూడేళ్లది కాబట్టి ఆ ఇబ్బంది లేదు కానీ ఇది చదివే వేరేవాళ్లు బాండు ఒకసారి తిప్పి చూసుకోండి.

మూర్తి_రాజమండ్రి
పద్మజ గారు మంచి మాట గుర్తు చేశారు.

ఇక పన్ను. సత్య గారూ, లోన్ వడ్డీని ఎఫ్‌డీ వడ్డీలోంచి తీసేసుకోవడం కుదరదండీ. ఇదే వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2001లో గోపీనాథన్ కేసు. ఆయన ఎఫ్‌డీ మీద అదే బ్యాంకులో అప్పు తీసుకుని, వచ్చిన వడ్డీలోంచి కట్టిన వడ్డీ పోగా మిగిలిందే నా ఆదాయం అన్నాడు. హైకోర్టు ఒప్పుకుంది, సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఎఫ్‌డీ వడ్డీ సంపాదించడం కోసం ఆ అప్పు చేయలేదు, సొంత అవసరానికి చేశాడు, కాబట్టి వచ్చిన వడ్డీ మొత్తానికీ పన్ను కట్టాల్సిందే అంది.

దీని వల్ల 1 శాతం తేడా అన్నది మీ విషయంలో 1 శాతం కాదు. మీకు 30 శాతం స్లాబు, సెస్సుతో 31.2. ఎఫ్‌డీ ఇచ్చే 7లో పన్ను పోగా చేతిలో మిగిలేది 4.8 మాత్రమే. లోన్‌కి కట్టే 8 మాత్రం పూర్తిగా 8. అసలు తేడా 3.2 దగ్గర. 4 లక్షల మీద నెలకి 333 కాదు, 1,060 అవుతుంది. మూడింతలు. కౌంటర్లో ఎవరూ ఇది చెప్పరు, చెప్పడం వాళ్ల పనీ కాదు.

అయినా సరే నాలుగు నెలలకి 4,250 రూపాయలు. అటువైపు 16,756. ఆ 16,756 మీద పన్ను తగ్గుతుంది అనుకున్నా, అంటే వడ్డీ తక్కువొచ్చింది కాబట్టి పన్నూ తక్కువే అనుకుంటే, నికర నష్టం 11,500 దగ్గర తేలుతుంది. నాలుగు నెలలైతే లోనే.

మీరు ఆలోచించాల్సింది చీటీ గురించి. ఓడీ మీటరు నెలకి 1,060 చొప్పున తిరుగుతుంది. నాలుగు నెలలు ఏడైనా ఫర్వాలేదు. ఏడాదంతా తిరిగితే 12,700 అవుతుంది, అప్పుడు బ్రేక్ చేయడంతో దాదాపు సమానం. ఎందుకంటే బ్రేక్ చేస్తే 11,500తో పాటు మిగిలిన 2,72,000ని ఇప్పటి రేటుకి వేసుకోవాలి. 2025లో రిజర్వు బ్యాంకు రెపోని 6.50 నుంచి 5.25కి దించింది, డిపాజిట్ రేట్లూ దాంతో దిగాయి. ఇవాళ 6.25 దొరికితే, 7 పోగొట్టుకున్నందుకు పన్ను పోనూ మరో 1,400 నష్టం. అటూ ఇటూ 12,800 చుట్టూనే.

సత్య_తెనాలి
ఆ కేసు సంగతి నాకు తెలీదు, థాంక్సండీ. కానీ మా బావగారు ప్రతి ఏడాదీ అలాగే తీసేసుకుని రిటర్న్ వేస్తారు, ఎవరూ అడగలేదు మరి.

లెడ్జర్_అనూష
ఎవరూ అడగకపోవడం వేరు, సరైనది కావడం వేరు సత్య గారూ 🙂 బ్యాంకు ఇచ్చిన వడ్డీ మొత్తం పన్ను శాఖ దగ్గరుండే ఏఐఎస్ పట్టికలో కనిపిస్తుంది, మీ బావగారు తక్కువ చూపిస్తే తేడా వాళ్లకి స్క్రీన్ మీదే ఉంటుంది.

నేను సీఏ ఆర్టికల్స్ చేస్తున్నాను. మూర్తి గారి లెక్కలో ఒక్క చోట నాకు అనుమానం. బ్రేక్ చేస్తే పోయే 16,756 మీద పన్ను తగ్గుతుంది అన్నారు. ఆ వడ్డీ రెండేళ్ల పాటు ఏటా జమ అవుతున్నప్పుడే వంశీ గారు రిటర్న్‌లో చూపించి పన్ను కట్టేసి ఉంటే, ఇప్పుడు వెనక్కి తిరగరాసిన భాగంలో చాలావరకు పాత సంవత్సరాలదే కదా. ఆ పన్ను ఎలా తిరిగొస్తుంది?

మూర్తి_రాజమండ్రి
బ్యాంకు సాధారణంగా ఆ కోతని ఈ ఏడాది వడ్డీలోంచి తగ్గించి చూపిస్తుందమ్మా. ఈ ఏడాది వడ్డీ ఇప్పటికి 35 వేలకి అటూ ఇటూ వచ్చి ఉంటుంది కాబట్టి 16 వేలు అందులో సర్దుకుంటాయి.

లెడ్జర్_అనూష
సర్దుకుంటాయి సార్, వంశీ గారికి అదృష్టవశాత్తూ. ఏప్రిల్‌లోనో మేలోనో బ్రేక్ చేసి ఉంటే ఆ ఏడాది వడ్డీయే నాలుగైదు వేలు ఉంటుంది, కోత 16 వేలు. మైనస్ వడ్డీని ఏం చేయాలో మా ఆఫీసులోనే ఇద్దరు సీనియర్లు రెండు రకాలుగా చెప్పారు. ఒకాయన మిగతా ఎఫ్‌డీల వడ్డీతో సర్దేయమంటారు, ఇంకొకాయన పాత ఏడాది రిటర్న్ సవరించే గడువుంటే అదే చేయమంటారు.

మూర్తి_రాజమండ్రి
అది మీ సీనియర్లే తేల్చాలి, నేను కౌంటరు ఇవతలి మనిషిని. అయినా పన్ను అసలు తిరిగి రాదనుకున్నా వంశీ గారికి బ్రేక్ నష్టం పెరుగుతుందే తప్ప తగ్గదు కదా. నాలుగు నెలలకి ఏ లెక్కన చూసినా సమాధానం మారదు.

షాపు_సుబ్బారావు
నేను కిరాణా కొట్టు వాణ్ని, మా ఊరు రేపల్లె దగ్గర. పండగ సరుకు కోసం ఎఫ్‌డీ మీద ఓడీ తీస్తుంటాను. నా ఆడిటరు ఆ వడ్డీని షాపు ఖర్చులో వేస్తున్నాడు. మీరు వేయకూడదు అంటున్నారు. నాకు టెన్షన్ పట్టుకుంది.

లెడ్జర్_అనూష
బాబాయ్ గారూ, టెన్షన్ వద్దు. మీరు అప్పు తెచ్చింది సరుకు కొనడానికి, అది వ్యాపార అప్పు. షాపు లాభంలోంచి తీసుకోవచ్చు. తాకట్టు ఎఫ్‌డీయా ఇల్లా అన్నది కాదు, డబ్బు ఎక్కడ వాడారన్నదే చూస్తారు. వంశీ గారు కాలేజీ ఫీజుకి వాడుతున్నారు కాబట్టి ఆయనకి రాదు. ఒక్కటి చూసుకోండి, అమ్మకాల మీద 6, 8 శాతం అంచనా లాభం చూపించే పద్ధతిలో రిటర్న్ వేస్తుంటే మళ్లీ విడిగా వడ్డీ తీయకూడదు. ఓడీ డబ్బు ఇంటి ఖర్చులకీ వాడి అంతా షాపు ఖాతాలో వేసినా కుదరదు.

షాపు_సుబ్బారావు
ఆడిటర్ని అడుగుతానమ్మా. ఇంటికీ కొంత వాడిన మాట నిజమే.

రాజంపేట_కువైట్
కువైట్ నుంచి. ఇక్కడ మాలాంటి వాళ్లకి లెక్క వేరుగా ఉంటది, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. నాది ఎన్ఆర్ఈ ఎఫ్‌డీ, విదేశాల్లో ఉండేవాళ్లు అక్కడి సంపాదనతో వేసేది, 10 లక్షలు, 7 శాతం. పది నెలలప్పుడు చెల్లెలి పెళ్లికి 5 లక్షలు కావలసి వచ్చింది. ఎన్ఆర్ఈ డిపాజిట్ ఏడాది నిండకుండా తీస్తే వడ్డీ సున్నా. పెనాల్టీ కాదు, అసలు వడ్డీయే ఇవ్వరు. పది నెలల వడ్డీ 58 వేలు గాల్లో కలిసేది. అన్న బ్యాంకుకి పోయి కనుక్కుంటే లోన్ ఇస్తామన్నారు, రెండు నెలలకి నికరంగా వెయ్యి లోపే పడింది. మాకు ఎన్ఆర్ఈ వడ్డీ మీద ఇండియాలో పన్ను లేదు, ఇక్కడా లేదు, కాబట్టి ఆ 1 శాతం నిజంగా 1 శాతమే. కాకపోతే ఫారం మీద సంతకం తీసుకున్నారు, ఆ డబ్బు వ్యవసాయానికీ, రియల్ ఎస్టేట్ వ్యాపారానికీ, మళ్లీ వడ్డీకి తిప్పడానికీ వాడనని. సొంతానికి ఇల్లు కొనుక్కోవచ్చన్నారు, ప్లాట్లు కొని అమ్మే బిజినెస్ అయితే కుదరదు.

మాదాపూర్_బ్రో
మూర్తి సార్, నాకో డౌట్. నా జీతం 11 లక్షలు, కొత్త విధానంలో పన్ను ఏమీ పడట్లేదు. మరి నాకు కూడా 3.2 అవుతుందా?

మూర్తి_రాజమండ్రి
జీతం, వడ్డీ అన్నీ కలిపి 12 లక్షల లోపే ఉండి కొత్త విధానంలో రిబేటు వచ్చి పన్ను సున్నా అయితే, మీకు తేడా 1 శాతమే. మీలాంటివాళ్లకి, పన్ను పరిధిలో లేని పెన్షనర్లకి లోన్ ఇంకా గట్టిగా గెలుస్తుంది. మీరు ‘ఆలోచించడానికి ఏముంది, బ్రేక్ చెయ్’ అన్నారు, మీ విషయంలోనే అది ఎక్కువ నష్టం.

కానీ లోన్ ఎప్పుడూ గెలుస్తుందని కూడా అనుకోకండి. ఎఫ్‌డీ వయసు ఎంత, మీ అవసరం వయసు ఎంత, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ముసలి ఎఫ్‌డీ, చిన్న అవసరం అయితే లోన్. ఎఫ్‌డీ పసిది, అవసరం పొడుగు అయితే తిరగబడుతుంది.

కిరణ్_కర్నూలు
సార్ నాది సరిగ్గా ఆ తిరగబడిన కేసే అనుకుంటా. మూడు నెలల కింద 6 లక్షలు వేశాను 6.6కి, రెండేళ్లకి. ఇప్పుడు పైన ఒక అంతస్తు వేయాలని ఇంట్లో పట్టు. 5 లక్షలు కావాలి, తిరిగి కట్టడానికి ఏడాదిన్నర పడుతుంది. నాకు పన్ను లేదు.

మూర్తి_రాజమండ్రి
బ్రేక్ చేయండి. మూడు నెలలకి ఆ రోజు పట్టికలో 5 ఉందనుకుందాం, పెనాల్టీ పోతే 4. పోయేది 6 లక్షల మీద 2.6 శాతం, అదీ మూడు నెలలకే, అంటే 3,900. లోన్ అయితే 5 లక్షల మీద 1 శాతం, ఏడాదిన్నరకి 7,500. పన్ను కట్టేవాళ్లయితే ఇంకా ఘోరం. పైగా ఇల్లు కట్టడం మొదలుపెట్టాక ఏడాదిన్నర అన్నది రెండేళ్లు అవుతుంది, మన ఊళ్లలో మేస్త్రీ సంగతి తెలిసిందే. రెండేళ్ల ఎఫ్‌డీ ఈలోపు గడువుకి వచ్చేస్తుంది, అప్పుడు బ్యాంకు దాన్ని అప్పుకి జమ చేసుకుని మిగిలింది మీ ఖాతాలో వేస్తుంది, లేదా కొత్త రేటుకి తిరగరాసి అప్పు కొనసాగిస్తుంది. ఏది చేస్తారో ముందే అడగాలి, ఒక్కో చోట ఒక్కో రకం.

ఎన్‌ఏడీ_వంశీ
అందరికీ థాంక్స్. ఇవాళ నెట్ బ్యాంకింగ్‌లో ఎఫ్‌డీ క్లోజ్ చేసే పేజీకి వెళ్లి చూశాను, చివర్లో Confirm నొక్కే ముందు ఎంత వస్తుందో చూపిస్తుంది, చూసి వెనక్కి వచ్చేశాను. మూర్తి గారు 6,72,573 అన్నారు. నాకు 6,68,000 చిల్లర చూపించింది. ఇంకో 4 వేలు ఎక్కడ పోయాయి? మా బ్యాంకు పెనాల్టీ ఇంకా ఎక్కువా?

మూర్తి_రాజమండ్రి
పెనాల్టీ కాదు, అది టీడీఎస్, అంటే వడ్డీలోంచి బ్యాంకు ముందే కోసి కట్టే పన్ను అయి ఉంటుంది. 2024-25లో మీ ఎఫ్‌డీ వడ్డీ 43 వేల పైన వచ్చి ఉంటుంది. అప్పుడు పరిమితి 40 వేలు, దాటింది కాబట్టి 10 శాతం, అంటే 4 వేల పైచిలుకు కోశారు. 2025 ఏప్రిల్ నుంచి మామూలు డిపాజిటర్లకి పరిమితి 50 వేలయింది, ఈ ఏడాది మీది దాని లోపే ఉంటుంది కాబట్టి కోత ఉండదు, వేరే ఎఫ్‌డీలు అదే బ్యాంకులో లేకపోతే. పన్ను శాఖ సైట్లో మీ 26ఏఎస్ పట్టిక తెరిచి చూడండి, కనిపిస్తుంది. అది బ్రేక్ వల్ల పోయిన డబ్బు కాదు, ఎఫ్‌డీ చివరిదాకా ఉంచినా పోయేదే, పన్నులో మీకు జమ అయ్యే ఉంటుంది. దాన్ని బ్రేక్ ఖాతాలో రాయకండి.

ఆ పేజీ చూడటం మాత్రం చాలా మంచి పని చేశారు. వడ్డీ రేటు ఎంత లెక్కేశారో కూడా కొన్ని బ్యాంకుల్లో అక్కడే కనిపిస్తుంది. కనిపించకపోతే బ్రాంచిలో ఆ రోజు పట్టిక అడగండి, నేను చెప్పిన 6.75 కేవలం అనుకున్నది.

ఎన్‌ఏడీ_వంశీ
26ఏఎస్ చూశాను, 4,300 పైన ఉంది, కరెక్టే సార్. రేటు కూడా కనిపించింది, 5.75. మీరు అక్కడ కూర్చుని చూసినట్టే చెప్పారు.

సరే, ఓడీయే తీసుకుంటున్నాను. ఒక్కటి, దీన్ని మామూలు లోన్‌గా తీసుకోవడం మంచిదా ఓడీగానా? రెండూ ఉన్నాయంటున్నారు.

మూర్తి_రాజమండ్రి
మీకైతే ఓడీయే. లిమిట్ పెట్టించుకోండి, చాలా బ్యాంకుల్లో ఎఫ్‌డీ విలువలో 90 శాతం దాకా ఇస్తారు, మీకు అసలు మీద చూసినా 5,40,000 వస్తుంది. వాడినంత మేరకే, రోజువారీ బాకీ మీదే వడ్డీ. కాలేజీ ఫీజు రెండు విడతలైతే రెండో విడత కట్టిన రోజు నుంచే దాని మీద వడ్డీ. జీతం వచ్చిన రోజు ఒక 50 వేలు ఓడీ ఖాతాలో పడేసి, నెలాఖరున అవసరమైతే మళ్లీ తీసుకున్నా ఆ రోజులకి వడ్డీ తగ్గుతుంది. మామూలు లోన్ అయితే మొత్తం ఒకేసారి మీ ఖాతాలో పడుతుంది, వాడినా వాడకపోయినా మీటరు మొదలు.

ఒక జాగ్రత్త. నెల నెలా పడే వడ్డీ 2,600 ఎప్పటికప్పుడు కట్టేయండి. ఎఫ్‌డీ పెరుగుతోంది కదా, చివర్లో చూసుకుందాం అని వదిలేసేవాళ్లని ఎంతోమందిని చూశాను. వడ్డీ అప్పులో కలిసి దాని మీద మళ్లీ వడ్డీ, ఎఫ్‌డీకి మూడు నెలలకోసారి కలుస్తుంటే అప్పుకి నెల నెలా కలుస్తుంది. లిమిట్ పూర్తిగా వాడేసి వడ్డీ కట్టకపోతే బాకీ లిమిట్ దాటుతుంది, నోటీసు వస్తుంది, ఆఖరికి బ్యాంకే ఎఫ్‌డీ తీసేసి జమ చేసుకుంటుంది. అప్పుడు పెనాల్టీ కోతా పడుతుంది, అన్నాళ్లు కట్టాల్సిన లోన్ వడ్డీ కూడా పోతుంది, రెండు నష్టాలూ ఒకేసారి.

పద్మజ_హన్మకొండ
వంశీ గారూ మీది ఒక్కరి పేరు మీదేనా జాయింటా? జాయింట్ అయితే మా బ్యాంకులో ఆన్‌లైన్‌లో రాలేదు, ఇద్దరూ వెళ్లి సంతకాలు పెట్టాల్సి వచ్చింది.

ఎన్‌ఏడీ_వంశీ
జాయింటే 😐 నవ్విన ఆవిడనే తీసుకెళ్లాలి.

సత్య_తెనాలి
మూర్తి గారూ, అసలు మొదట్లోనే 6 లక్షలు ఒకే బాండు కాకుండా విడదీసి వేసుంటే ఈ గొడవ ఉండేది కాదు కదా?

మూర్తి_రాజమండ్రి
ఉండేది, కానీ చిన్నదిగా. 4 లక్షలు ఒకటి, 2 లక్షలు ఒకటి వేసుంటే, ఇవాళ 4 లక్షలదే తీసేవారు. 5 లక్షల లోపు కాబట్టి పెనాల్టీ అర శాతం, రేటు 6.25 వచ్చేది. లెక్క వేస్తే నష్టం 6,700 దగ్గర ఆగేది, 16,756 బదులు. రెండో బాండు 7 శాతంతో అలాగే నడిచేది. పన్ను సర్దుబాటు పోనూ 4,600 అనుకుంటే, నాలుగు నెలల ఓడీ ఖర్చు 4,250తో దాదాపు సమానం. అప్పుడు ఏదైనా ఒకటే అనేవాణ్ని, చీటీ మీద నమ్మకం లేకపోతే తీసేయమనేవాణ్ని కూడా.

కిరణ్_కర్నూలు
మరి ఒకే బాండులో కొంత భాగం మాత్రం తీసుకునే సౌకర్యం ఉంటుందంటారు కదా సార్, పార్షియల్? అది మా బ్యాంకులో అడిగితే ఉంది అని ఒకరు, లేదు అని ఒకరు.

మూర్తి_రాజమండ్రి
సేవింగ్స్‌తో కలిపి ఉండే ఆటో స్వీప్ డిపాజిట్లలో అయితే ఉంటుంది, కావలసినంతే విరుగుతుంది, మిగిలింది పాత రేటుకే ఉంటుంది. మామూలు బాండులో బ్యాంకుని బట్టి. మీరు 6లో 5 తీయాలి కాబట్టి పెద్ద తేడా రాదు, అయినా అడగండి. 5 లక్షలు విడిగా తీస్తే పెనాల్టీ అర శాతమా ఒకటా అన్నది కూడా అడగండి, అది నేను పనిచేసిన చోటే రెండు బ్రాంచీలు రెండు రకాలుగా వేయడం చూశాను.

కిరణ్_కర్నూలు
రేపు బ్రాంచికి వెళ్తున్నా. కనుక్కుని రాస్తా.